మౌనంగా ఉందా, లైన్ తెగిందా?

ఫోన్‌లో అవతలి మాట ఆగిపోతే "హలో, వినిపిస్తోందా?" అంటాం. మనిషి ఊరుకున్నాడో, లైన్ తెగిందో తెలియదు కనుక. ధరలను కనిపెట్టుకుని ఉండే స్క్రిప్టు రాసుకునేవారికీ ఇదే చిక్కు.

బిట్‌కాయిన్ ధర 60,000 యూఎస్‌డీటీ కిందికి దిగితే ఫోన్‌కి మెసేజ్ రావాలనుకుందాం. బైనాన్స్ ఎక్స్ఛేంజీ ఈ ధరలను ఖాతా లేకుండానే అందిస్తుంది. వాటిని తెచ్చుకోవడానికి రెండు దారులున్నాయి. కాసేపటికోసారి మనమే వెళ్లి అడగడం పోలింగ్. ఒకసారి కలిపిన లైన్‌ను తెరిచే ఉంచితే, ధర మారినప్పుడల్లా సర్వరే చెప్పడం వెబ్‌సాకెట్.

నిమిషానికోసారి అడిగితే మధ్యలో జరిగింది తప్పిపోతుందని చాలామంది పోలింగ్‌ను వదిలేస్తారు. అప్పటి ధర ఒక్కటే అడిగితే ఆ భయం నిజమే. ధర 59,950కి దిగి, 15 సెకన్లలో మళ్లీ పైకి లేస్తే మనకు ఆనవాలే దొరకదు. కానీ ధరకు బదులు నిమిషం క్యాండిల్ అడగవచ్చు:

```
GET https://api.binance.com/api/v3/klines?symbol=BTCUSDT&interval=1m&limit=2
```

ఇందులో ముగిసిన నిమిషం, నడుస్తున్న నిమిషం రెండూ వస్తాయి. ఒక్కోదానిలో ఆ నిమిషపు గరిష్ఠ ధర, కనిష్ఠ ధర ఉంటాయి. కనిష్ఠాన్ని 60,000తో పోల్చితే ఆ 15 సెకన్ల పతనం కూడా దొరుకుతుంది. కాకపోతే కబురు ఒక నిమిషం దాకా ఆలస్యం కావచ్చు. లాప్‌టాప్ గంటసేపు నిద్రపోయినా, లేవగానే `limit=61` అని అడిగితే పోయిన గంటంతా చేతికొస్తుంది. నెట్ లేకపోతే అడిగిన వెంటనే ఎర్రర్ వస్తుంది. అంటే ఇక్కడ తప్పు దాక్కోదు.

వెబ్‌సాకెట్‌లో తప్పు దాక్కుంటుంది. వైఫై మారినా, రూటర్ ఆగి మళ్లీ మొదలైనా, లైన్ తెగిన సంగతి మన స్క్రిప్టుకు చాలాసేపు తెలియకపోవచ్చు. ఎర్రర్ రాదు, ధరా రాదు. మార్కెట్ ప్రశాంతంగా ఉందనుకుని మనం నిశ్చింతగా ఉంటాం. పైగా బైనాన్స్ ఏ కనెక్షన్‌నైనా 24 గంటలకు మించి ఉంచదు.

అందుకే వెబ్‌సాకెట్ వాడితే చివరి మెసేజ్ వచ్చిన సమయాన్ని గుర్తుపెట్టుకోవాలి. బిట్‌కాయిన్ లావాదేవీల స్ట్రీమ్‌లో మామూలుగా క్షణక్షణం ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది కనుక, పది సెకన్ల మౌనాన్ని తెగిన లైన్‌గానే లెక్కగట్టి మళ్లీ కలపాలి. అరుదుగా చేతులు మారే నాణేనికి ఈ గడువు పెంచాలి. మళ్లీ కలిశాక, మధ్యలో పోయిన నిమిషాలను క్యాండిళ్లు అడిగి పూడ్చుకోవాలి. అంటే స్ట్రీమింగ్ ఎంచుకున్నా పోలింగ్ కోడ్ ఎలాగూ రాయాల్సిందే.

కాబట్టి ముందు దాన్నే రాయండి. మెసేజ్ చూసి, ఆలోచించి, మీ చేత్తో మీరే నిర్ణయం తీసుకునేవారైతే ఒక నిమిషం ఆలస్యం వల్ల నష్టం తక్కువ. కొన్ని సెకన్ల తేడా మీ పనిని నిజంగా మార్చేస్తుందంటే అప్పుడు వెబ్‌సాకెట్ కలపండి.