ధూమపానం – అంగస్తంభన, సంతాన సామర్థ్యం: సంకోచంతో అడగని ప్రశ్నలకు వివరణ

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్, మే 30: ఏటా మే 31వ తేదీన ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం పాటిస్తున్నారు. ఆ సందర్భంలో పొగ వలన వచ్చే క్యాన్సర్, గుండెపోటు గురించి పత్రికలలో విరివిగా వార్తలు వస్తుంటాయి. కాని పొగతాగే పురుషుని మనసులో మెదులుతూ, వైద్యుని ఎదుట నోటికి రాని ప్రశ్న మరొకటి ఉన్నది. అది దాంపత్య జీవితానికి సంబంధించినది. కెనడా దేశం 2000 సంవత్సరంలోనే సిగరెట్ పెట్టెలపై ఈ విషయాన్ని బొమ్మతో సహా ముద్రింపజేసింది. మన పెట్టెలపై హెచ్చరికలు ప్రధానంగా క్యాన్సర్ గురించే చెప్పినందున, ఈ విషయం చాటుమాటు సంభాషణలకే పరిమితమైపోయింది.

మొదట ఒక భేదం గ్రహించవలసి ఉన్నది. అంగస్తంభన వేరు, సంతాన సామర్థ్యం వేరు. మొదటిది రక్తప్రసరణకు, నరాలకు, మనఃస్థితికి సంబంధించినది. రెండవది వృషణాలలో తయారయ్యే వీర్యకణాలకు సంబంధించినది. దాంపత్యంలో ఏ లోటూ లేని వ్యక్తికి వీర్యకణాలు తక్కువగా ఉండవచ్చును. స్తంభన లోపం ఉన్న వ్యక్తి వీర్యకణాలు సక్రమంగానే ఉండవచ్చును. రెండింటినీ కలిపి "మగతనం" అనే ఒకే మాటతో చెప్పుకోవడం వల్లనే సగం భయం, సగం అపోహ పుడుతున్నాయి. పొగ ఈ రెండింటినీ దెబ్బతీయగలదు. అయితే ఆ రెండు దారులూ వేరు.

స్తంభన జరిగే విధానం ఇది. ఉద్రేకం కలిగినప్పుడు నరాల చివరల నుండి, రక్తనాళాల లోపలి పొర నుండి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు స్వల్పంగా విడుదలవుతుంది. దాని ప్రభావంతో అంగంలోని కండరపు పోగులు సడలి, ధమనులు విప్పారి, రక్తం వేగంగా వచ్చి నిండుతుంది. నిండిన రక్తం ఒత్తిడికి సిరలు నొక్కుకొని, అది వెనుకకు పోకుండా నిలుస్తుంది. అంటే బిగువుకు మూలం కండబలం కాదు, రక్తనాళం సడలడమే. పొగలోని రసాయనాలు నాళాల లోపలి పొరను గాయపరచి, అక్కడ నైట్రిక్ ఆక్సైడ్ లభ్యతను తగ్గిస్తాయి. నికోటిన్ అప్పటికప్పుడు నాళాలను ముడుచుకునేలా చేస్తుంది. గుట్కా, ఖైనీలలో పొగ లేకపోయినా నికోటిన్ ఉన్నదని మరువరాదు. ఏళ్ల తరబడి అలవాటు సాగితే నాళం గోడలో కొవ్వు పేరుకొని దారి ఇరుకవుతుంది.

ఇక్కడ ప్రతివారూ తెలుసుకోదగిన అంశం ఒకటి ఉన్నది. అంగానికి రక్తం తెచ్చే ధమనుల వ్యాసం సుమారు 1 నుండి 2 మిల్లీమీటర్లు. గుండెకు రక్తం తెచ్చే ధమనులది 3 నుండి 4 మిల్లీమీటర్లు. ఒకే రకమైన పూడిక శరీరమంతటా ఏర్పడుతున్నప్పుడు సన్నని గొట్టంలో దాని ఫలితం ముందుగా కనిపించడం సహజం. అందువల్లనే గుండెనొప్పికి రెండు నుండి అయిదేళ్ల ముందే కొందరిలో స్తంభన లోపం మొదలవుతుందని వైద్యులు గమనించారు. నలభై ఏళ్ల ధూమపాని సిగ్గుతో ఈ లక్షణాన్ని దాచుకుంటే, దాచినది గుండె ఇచ్చిన ముందస్తు కబురు కావచ్చును. ఇటువంటి వ్యక్తికి వైద్యులు రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు చేయించడం ఈ కారణంగానే.

కారణం శారీరకమా, మానసికమా అన్నదానికి ఇంటిలోనే కొంత సూచన దొరుకుతుంది. తెల్లవారుజామున నిద్రలో స్తంభన మునుపటివలెనే కలుగుతూ, భార్య సమక్షంలో మాత్రమే లోపిస్తుంటే ఆందోళన కారణం కావచ్చును. నెలల తరబడి క్రమంగా తగ్గుతూ, తెల్లవారుజామున కూడ కనిపించకపోతే నాళాలను, నరాలను, చక్కెర వ్యాధిని శంకించవలసి ఉంటుంది. ఇది సూచన మాత్రమే, నిర్ధారణ కాదు.

ఇక వీర్యకణాల సంగతి. ఒక్కొక్క కణం వృషణంలో రూపొందడానికి దాదాపు 74 రోజులు పడుతుంది. అక్కడి నుండి పరిపక్వమై బయటకు చేరడానికి మరికొన్ని రోజులు పడుతుంది. పొగలోని కాడ్మియం వంటి లోహాలు, ఇతర విషపదార్థాలు ఈ కాలమంతటా కణాలపై పనిచేస్తాయి. ధూమపానుల్లో సగటున కణాల సంఖ్య, కదలిక తక్కువగా ఉన్నట్లు, వాటిలోని జన్యుపదార్థం తెగిపోవడం ఎక్కువగా ఉన్నట్లు అధ్యయనాలలో తేలినది. సగటు అన్న మాట ముఖ్యం. రోజుకు పెట్టె సిగరెట్లు కాల్చి, పిల్లలను కన్నవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. పొగతాగే ప్రతివారికీ సంతానం కలుగదని చెప్పడం అసత్యం. అటువంటి అతిశయోక్తుల వలన నిజమైన హెచ్చరిక కూడ నమ్మకాన్ని కోల్పోతుంది.

ఉదాహరణగా 34 ఏళ్ల లారీ డ్రైవర్ ఒకరిని ఊహించుకుందాం. పన్నెండేళ్లుగా రోజుకు ఇరవై బీడీలు తాగుతున్నాడు. వివాహమై మూడేళ్లయినా సంతానం లేదు. మన ఇళ్లలో సాధారణంగా జరిగేదే ఇక్కడా జరిగి, పరీక్షలన్నీ భార్యకే చేయించారు. ఆమెలో లోపమేదీ కనబడలేదు. నిజానికి ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రానప్పుడు ఇద్దరికీ ఒకేసారి పరీక్షలు జరగాలి. పురుషునికి చేసే వీర్యపరీక్ష ఖర్చు తక్కువైనది, నొప్పి లేనిది. రెండు నుండి ఏడు రోజులు సంయోగానికి, హస్తప్రయోగానికి దూరంగా ఉండి, హస్తప్రయోగం ద్వారా ప్రయోగశాల ఇచ్చిన సీసాలో నమూనా ఇవ్వాలి. ఇంటివద్ద సేకరిస్తే గంట దాటకుండా, చలి తగలకుండా చేర్చాలి.

అతని నివేదికలో మిల్లీలీటరుకు 1 కోటి 10 లక్షల కణాలు, ముందుకు సాగే కణాలు 22 శాతం అని వచ్చిందనుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన కనీస ప్రమాణాలు వరుసగా 1 కోటి 60 లక్షలు, 30 శాతం. ఈ ప్రమాణానికి దిగువన ఉన్నంత మాత్రాన సంతానం అసాధ్యమని అర్థం కాదు, అవకాశం తగ్గినదని మాత్రమే అర్థం. ఈ లెక్క నమూనా నమూనాకూ మారుతుంది. ఇటీవల వచ్చిన తీవ్ర జ్వరం కూడ దానిని తగ్గిస్తుంది. కనుక వైద్యుడు మరొక పరీక్ష కోరతాడు. వృషణాల వద్ద సిరలు ఉబ్బినవేమో చేతితో పరీక్షిస్తాడు. గంటల తరబడి ఇంజన్ వేడి దగ్గర కూర్చునే వృత్తి గురించి కూడ అడుగుతాడు.

బీడీ మానిన వారం రోజులకే ఇతడు మళ్లీ పరీక్షకు వెళ్తే నిరాశే మిగులుతుంది. ఆనాడు బయటకు వచ్చే కణాలు బీడీలు తాగిన రోజులలో పుట్టినవే. పొగ లేని రోజులలో రూపొందిన కణాలను చూడాలంటే కనీసం మూడు నెలలు ఆగాలి. అప్పటి నివేదికలో మెరుగుదల కనిపించవచ్చును. కనిపించకపోతే వేరే కారణం వెతకవలసి ఉంటుంది. స్తంభన విషయంలో గడువు ఇంత కచ్చితంగా చెప్పలేరు. వయసు తక్కువగా, అలవాటు కొద్ది ఏళ్లదిగా ఉన్నవారిలో మేలు ఎక్కువ. నాళాలు గట్టిపడిన పిమ్మట పూర్తిగా మునుపటి స్థితి రాకపోవచ్చును.

బస్టాండు గోడలపై కనిపించే "రహస్య చికిత్స" ప్రకటనల విషయంలో జాగ్రత్త అవసరం. మూలికలని చెప్పి అమ్మే ఇటువంటి మందులలో సిల్డెనాఫిల్ కలిపి ఉన్నట్లు పలు దేశాల తనిఖీలలో బయటపడినది. ఆ మందు స్తంభన సంకేతాన్ని పుట్టించదు, పుట్టిన సంకేతం త్వరగా చెరగకుండా చూస్తుంది. నాళాలు బాగా దెబ్బతిన్నవారిలో ఫలితం తగ్గడానికి అదే కారణం. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవారు దీనిని మింగితే రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోగలదు.

సంకోచం వదలనివారు వైద్యునికి చెప్పదలచినది చీటీపై రాసి ఇవ్వవచ్చును: "ఆరు నెలలుగా అంగస్తంభన సరిగా లేదు. ఇన్నేళ్లుగా రోజుకు ఇన్ని బీడీలు తాగుతున్నాను. ఈ మందులు వాడుతున్నాను." వైద్యునికి ప్రారంభించడానికి ఈ మూడు వాక్యాలు చాలును. అలవాటు మానదలచినవారు జాతీయ పొగాకు విరమణ సహాయ కేంద్రానికి 1800-11-2356 నంబరుపై ఉచితంగా ఫోన్ చేయవచ్చును.