వానలో క్రూయిజ్ కంట్రోల్ ఎందుకు ఆగిపోతుంది?

హైవే మీద 80 కిలోమీటర్ల వేగంతో కారు సాఫీగా పోతోంది. కాలు యాక్సిలరేటర్ మీద లేదు. ముందు బండి నెమ్మదిస్తే మన కారూ నెమ్మదిస్తోంది, అది వేగం అందుకుంటే ఇదీ అందుకుంటోంది. ఇంతలో వాన కుండపోతగా మారుతుంది. టింగుమని ఒక చప్పుడు, మీటర్ల దగ్గరి తెర మీద ఒక మాట: “Smart Cruise Control disabled. Radar blocked”. హ్యుందాయ్ కార్లలో వచ్చే సందేశం ఇది. ఒక్కో కంపెనీ ఒక్కో మాటతో చెబుతుంది కానీ, అర్థం ఒకటే. ముందు ఏముందో నాకు కనపడట్లేదు, బండి నువ్వే చూసుకో అని.

దీన్ని చూడగానే కారు చెడిపోయిందని కంగారుపడేవాళ్లు ఎక్కువ. చాలాసార్లు చెడిపోయింది ఏమీ ఉండదు. ఆ సందేశం ఎందుకు వచ్చిందో తెలిస్తే, దాన్ని పోగొట్టుకోవడం కూడా తేలికే.

ముందు బండిని కనిపెట్టే రాడార్ బంపర్ మధ్యలోనో, గ్రిల్ లోపలో, కంపెనీ లోగో వెనకాలో ఉంటుంది. బయటికి కనిపించేది చదునైన నున్నటి ప్లాస్టిక్ మూత మాత్రమే. ఈ రాడార్లలో ఎక్కువ భాగం 77 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. అంటే వాటి తరంగం పొడవు దాదాపు 4 మిల్లీమీటర్లు. పెద్ద వానలో చినుకు కూడా ఇంచుమించు ఆ సైజే కాబట్టి, తరంగం చినుకులకు తగిలి కొంత చెదిరిపోతుంది, కొంత నీటిలోనే ఇంకిపోతుంది.

అయితే గాలిలో ఉన్న వాన ఒక్కటే రాడార్‌ను పూర్తిగా ఆపేయడం తక్కువ. అది చూడాల్సిన దూరం వందా రెండొందల మీటర్లే. అంత దూరంలో మామూలు వాన వల్ల పోయే బలాన్ని అది తట్టుకోగలదు. అసలు చిక్కు మూత మీద పేరుకునే నీటితో వస్తుంది. ఈ తరంగాలకు ప్లాస్టిక్ అడ్డం కాదు కానీ, నీళ్లు పెద్ద అడ్డం. మూత మీద పలచని నీటి పొర పరుచుకున్నా, బయటికి వెళ్లాల్సిన తరంగంలో కొంత అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది, మరికొంత ఆ పొరలోనే ఆగిపోతుంది. ముందు బండికి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని కూడా మళ్లీ అదే పొర దాటాలి. కళ్లజోడు మీద నీళ్లు పడితే ఎదురుగా ఉన్న మనిషి ఆనవాలు దొరకనట్టే ఇదీనూ. అందుకే ఆకాశం నుంచి పడే వాన కంటే, ముందు పోతున్న లారీ టైర్లు ఎగజిమ్మే బురదనీళ్లు ఎక్కువ ఇబ్బంది పెడతాయి. అవి నేరుగా బంపర్‌కే కొడతాయి. నీళ్లు కారిపోయినా బురద అక్కడే అంటుకుని ఉంటుంది.

తన మూత మీద మురికి ఉందని రాడార్‌కు ఎలా తెలుస్తుంది? దానికి ఆ మూతను చూసే కన్నేమీ లేదు. మామూలుగా రోడ్డు మీద పోతుంటే డివైడర్ రెయిలింగు, సైన్ బోర్డులు, కరెంటు స్తంభాలు, ఎదురొచ్చే బండ్లు, అన్నింటి నుంచీ ప్రతిధ్వనులు ఎడతెగకుండా వస్తుంటాయి. కారు కదులుతున్నా కొంతసేపు అవి రాకపోతేనో, బాగా పలచబడితేనో తన ముందు ఏదో అడ్డం పడిందని రాడార్ లెక్క కట్టుకుంటుంది.

ఇందులో గమనించాల్సిన సంగతులు రెండున్నాయి. ఒకటి, మూత శుభ్రంగా ఉన్నా బండ్లు, బోర్డులు ఏవీ లేని బట్టబయలు రోడ్డు మీద అప్పుడప్పుడూ ఇదే సందేశం రావచ్చు. కార్ల మాన్యువళ్లే ఈ మాట చెబుతాయి. రెండోది, మూత తుడిచిన మరుక్షణం సందేశం పోకపోవచ్చు. అడ్డం తొలగిందని రాడార్‌కు నమ్మకం కుదరాలంటే మళ్లీ ప్రతిధ్వనులు రావాలి. అందుకు కారు కదలాలి, చుట్టూ బండ్లో స్తంభాలో ఉండాలి. ఒక్కోసారి కొన్ని నిమిషాలు పడుతుంది. తుడిచాం, అయినా పోలేదు అంటూ సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తేవాళ్లలో చాలామంది ఈ కొన్ని నిమిషాలు ఆగి చూడనివాళ్లే.

ఒక ప్రయాణం తీసుకుని వరసగా చూద్దాం. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తున్నారు. చౌటుప్పల్ దాటాక వాన పెరిగింది, ముందు ఒక కంటెయినర్ లారీ. దాని వెనక పావుగంట నడిచేసరికి సందేశం వచ్చి క్రూయిజ్ ఆగిపోయింది. అప్పుడు జరిగేది ఏమిటంటే, యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసినట్టు కారు మెల్లగా వేగం తగ్గుతుంది. అంతే తప్ప లారీని చూసి బ్రేకు వేయదు. 80లో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. కాబట్టి ఆ మాట చదువుతూ కూర్చోకుండా ముందు కాలు పెడల్ మీదికి రావాలి, లారీకి దూరం పెంచాలి. దూరం పెరిగితే బంపర్ మీద పడే బురదనీళ్లూ తగ్గుతాయి. చాలా కార్లలో ఢీకొనే ముందు దానంతటదే బ్రేకు వేసే ఏర్పాటు కూడా ఇదే రాడార్ మీద ఆధారపడుతుంది. క్రూయిజ్‌తో పాటు ఆ అండ కూడా కొంతో పూర్తిగానో పోయిందనుకునే నడపాలి.

కొన్ని కార్లలో అడాప్టివ్ ఆగిపోయినా, ఒకే వేగాన్ని పట్టుకునే మామూలు క్రూయిజ్‌లోకి మారే వీలుంటుంది. వానలో ఆ బటన్ జోలికి పోవద్దు. దానికి ముందు బండితో పనిలేదు, దూరం చూడదు. పైగా రోడ్డు మీద నీళ్లు నిలిచిన చోట టైరు పట్టు తప్పితే, వేగం నిలబెట్టాలని ఇంజిన్ ఇంకా తోస్తుంటుంది.

తర్వాత వచ్చే పెట్రోల్ బంకులోనో, దాబా దగ్గరో ఆగండి. హైవే అంచున ఆపి బంపర్ ముందు వంగోవడం ప్రమాదం. ఇంజిన్ ఆపి ముందు వైపుకు వెళితే, గ్రిల్‌లో కన్నాలు లేని నున్నటి పలక ఒకటి కనబడుతుంది. ఏదో తేల్చుకోలేకపోతే మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. సీసాలో నీళ్లు పోసి ముందు బురదను నాననివ్వాలి, ఆ తర్వాత మెత్తని గుడ్డతో తుడవాలి. పొడి గుడ్డతో ఎండిన బురదను రుద్దితే ఇసుక మూతను గీరేస్తుంది. చచ్చి అతుక్కున్న పురుగులకు కాస్త షాంపూ నీళ్లు చాలు. పెట్రోలు, థిన్నరు వాడొద్దు. వాషింగ్ షాపులో ప్రెషర్ గన్‌ను దగ్గర నుంచి ఆ పలక మీదికి కొట్టనివ్వొద్దు.

మళ్లీ బయల్దేరి ఐదు పది నిమిషాలు చేత్తోనే నడపండి. సందేశం పోయినా క్రూయిజ్ దానంతటదే మొదలుకాదు, బటన్ నొక్కి వేగం మళ్లీ సెట్ చేసుకోవాలి. వాన అదే జోరుగా కురుస్తుంటే కాసేపట్లో సందేశం మళ్లీ రావడం సహజం. ఆ రోజుకు ఇక దాన్ని వదిలేసి నడపడమే మంచిది. మాన్యువళ్లు కూడా పెద్ద వానలో ఈ సౌకర్యం వాడొద్దనే చెబుతాయి.

బంపర్ ఎంత తుడిచినా ఫలితం లేని కార్లూ ఉన్నాయి. మన దేశంలో హోండా సిటీ, ఎలివేట్ కార్లలో ఈ పని చేసేది రాడార్ కాదు, ముందు అద్దం వెనక అమర్చిన కెమెరా. రాడార్, కెమెరా రెండూ కలిసి పనిచేసే కార్లు కూడా చాలా ఉన్నాయి. తెర మీది మాటలో కెమెరా అని ఉంటే చూడాల్సింది అద్దాన్ని. వానలో లోపలి వైపు ఆవిరి పడితే ఏసీ వేసి గాలిని అద్దం మీదికి తిప్పాలి. వైపర్ రబ్బరు అరిగి కెమెరా ఎదుట గీతలు వదులుతుంటే రబ్బరు మార్చాలి. పొగమంచు తెల్లవారుజామున కూడా ముందుగా చూపు తగ్గేది కెమెరాకే. రాడార్‌కు పొగమంచు అంత ఇబ్బంది కాదు.

వాన లేకుండానే సందేశం వచ్చిందంటే మనం తగిలించినవి ఏమున్నాయో ఒకసారి చూసుకోవాలి. బండి పూజ అయ్యాక బానెట్ మీది నుంచి గ్రిల్ మీదికి వేలాడే బంతిపూల దండ, ముఖ్యంగా తడి దండ, రాడార్‌కు ఎదురుగా పడితే అడ్డమే. నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన తాడు పక్కకు జరిపి కట్టుకోవచ్చు. లోగో వెనక రాడార్ ఉన్న కారుకు బయట దొరికే క్రోమ్ లోగో పెట్టిస్తే ఇంకా చిక్కు, లోహం తరంగాన్ని అసలు దాటనివ్వదు. బంపర్ ముందు ఇనుప గార్డు బిగించినా అంతే. పైగా బుల్ గార్డులు నిబంధనలకు విరుద్ధమని కేంద్రం 2017లోనే స్పష్టం చేసింది. మూత మీద స్టిక్కర్ అంటించడం, కంపెనీ ప్రమాణం చూడకుండా పెయింట్ కొట్టించడం కూడా మానుకోవాలి.

ఇవేవీ లేకుండా, ఎండ కాస్తున్న రోజున, మూత శుభ్రంగా ఉండి, రద్దీ రోడ్డు మీద అరగంట నడిపినా సందేశం పోకపోతే అప్పుడు సర్వీస్ సెంటర్‌కు వెళ్లాలి. ఇటీవల బంపర్ ఎక్కడైనా తగిలిందా, విప్పి బిగించారా అన్నది గుర్తు చేసుకుని వాళ్లకు చెప్పాలి. రాడార్ ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే, 100 మీటర్ల దూరంలో దాని చూపు 1.75 మీటర్లు పక్కకు పోతుంది. మన హైవేల మీద ఒక లేన్ వెడల్పు 3.5 మీటర్లు. అంటే సగం లేన్ తేడా. పక్క లేన్‌లో పోయే బండిని మన ముందు బండి అనుకుని అకారణంగా బ్రేకు వేయడం, ముందున్న దాన్ని ఆలస్యంగా గుర్తించడం ఇలాంటప్పుడు జరుగుతాయి. సందేశం ఏమీ లేకుండా ఈ లక్షణాలు మాత్రమే కనిపించినా అనుమానించాల్సిందే.

ఇది తుడిస్తే పోయేది కాదు, బ్యాటరీ వైరు పీకి పెట్టినా పోదు. స్కానర్ తగిలించి కోడ్ చదివి, కంపెనీ పద్ధతిలో రాడార్‌ను క్యాలిబ్రేట్ చేయాలి. బంపర్ మార్చే పని ఇన్సూరెన్స్‌లో జరుగుతుంటే, ఎస్టిమేట్ వేసే రోజే అందులో రాడార్ క్యాలిబ్రేషన్ రాయించుకోండి. బిల్లు చేతికొచ్చాక అడిగితే దాన్ని విడి పనిగా లెక్కగట్టే అవకాశం ఉంది.