కాజ్‌వే మునిగే లోపల

గోదావరి వరద కోనసీమ లంకల మీదకు చెప్పకుండా రాదు. ఎగువన భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ఆ నీరు ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. అక్కడ కాటన్ బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జులైలో భద్రాచలంలో నది 71 అడుగులు దాటినప్పుడు కూడా ఈ మెట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతూనే వచ్చింది. అంటే లంకలోని బడికి సాధారణంగా కొన్ని గంటల వ్యవధి దొరుకుతుంది. ఆ గంటల్లో ఎవరు ఏం నిర్ణయించాలో, ఏ పిల్లను ఎవరి చేతికి అప్పగించాలో ముందే తేల్చుకోవడానికే వరద డ్రిల్లు.

అగ్నిప్రమాదం డ్రిల్లులో గంట మోగగానే అందరూ బయటికి వచ్చేస్తే సగం పని అయిపోయినట్టే. వరదలో అలా కాదు. పిల్లల్ని బయటికి పంపడమే ప్రమాదం కావచ్చు. బడి మెరక మీద క్షేమంగా ఉండి, ఇంటికి వెళ్లే దారి మునిగిపోయి ఉండొచ్చు. వేగంగా పారే నీరు అర అడుగు లోతున్నా పెద్ద మనిషి కాళ్లను లాగేయగలదు. పైగా వరద నీరు మట్టితో ఎర్రగా ఉంటుంది కాబట్టి కింద రోడ్డు ఉందో కోతపడిందో కనిపించదు. చాకలిపాలెం, కనకాయలంకల మధ్య ఉన్నటువంటి కాజ్‌వేలు ఊళ్లకంటే ముందే మునుగుతాయి. అందుకని లంక బడి ప్రణాళికకు ధవళేశ్వరం అంకె ఒక్కటే చాలదు. తన పిల్లలు దాటే కాజ్‌వే మీదే దానికి సొంత గుర్తు ఉండాలి.

ఒక బడిని ఊహించుకుందాం. ఆరు నుంచి పది వరకు 140 మంది పిల్లలున్న ఉన్నత పాఠశాల. రెండంతస్తుల భవనం. ఏడుగురు ఉపాధ్యాయులు. 36 మంది పిల్లలు కాజ్‌వే అవతలి లంక నుంచి వస్తారు. జూన్‌లో బడి తెరిచాక, నదిలోకి ఎర్రనీరు రాకముందు, జూన్ చివర్లోనో జులై మొదటి వారంలోనో డ్రిల్లు పెట్టుకోవాలి.

ముందు గుర్తు సంగతి. కాజ్‌వే పక్క స్తంభం మీద, రోడ్డు మట్టానికి ఎంత దిగువన పసుపు గీత గీయాలో ఊరి పడవవాళ్లనూ వీఆర్వోనూ అడిగి నిర్ణయించాలి. నీరు ఆ గీత నుంచి రోడ్డు దాకా పెరగడానికి పట్టే సమయం, అవతలి పిల్లలు ఇళ్లకు చేరడానికి పట్టే సమయానికి కనీసం రెండింతలు ఉండాలి. పాత వరదల్లో నీరు గంటకు ఎంత పెరిగిందో వాళ్లకు అనుభవం మీద తెలుస్తుంది. గీత దగ్గర నీటిని చూడాల్సింది పెద్దవాళ్లే, పిల్లలు కాదు. చూసిన మనిషి బడికి ఫోను చేస్తాడు.

పసుపు గీత తడిస్తే అవతలి 36 మందిని పెద్దల తోడుతో వెంటనే పంపేయాలి. రోడ్డు మీదకు నీరు వచ్చేసిందని తెలిస్తే ఒక్కరినీ పంపకూడదు, ఆ పిల్లలు బడిలోనే పై అంతస్తులో ఉంటారు. ఈ రెండు వాక్యాలూ ప్రధానోపాధ్యాయుడి బల్ల వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో ఉండాలి. వాటి కింద, ఆయన మండల సమావేశానికి వెళ్లిన రోజున నిర్ణయం ఎవరిదో పేరుతో రాసి ఉండాలి. ఆయన తర్వాత ఎవరు, ఆ తర్వాత ఎవరు అన్నది కూడా.

ఇంత కచ్చితంగా ఎందుకంటే, జపాన్‌లో కితకామి నది ఒడ్డున ఉన్న ఓకవా ప్రాథమిక పాఠశాలలో 2011 మార్చి 11న 74 మంది పిల్లలు, పదిమంది ఉపాధ్యాయులు సునామీలో చనిపోయారు. భూకంపం తర్వాత వాళ్లకు సుమారు యాభై నిమిషాలు దొరికాయి. బడి వెనకే కొండ ఉంది. ఎక్కడికి వెళ్లాలో తేలక పిల్లలు చాలాసేపు ఆటస్థలంలోనే ఉండిపోయారు. బడి ప్రణాళికలో సునామీ వస్తే చేరాల్సిన చోటు ఫలానా అని లేదు, దగ్గరలోని ఖాళీ స్థలమో పార్కో అన్నట్టు రాసి ఉంది. ఆ లోపానికి బడి, విద్యాధికారులు బాధ్యులేనని కోర్టు తీర్పు చెప్పింది. 2019లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 'సురక్షిత ప్రాంతానికి తరలించాలి' అని రాసిన ప్రతి ప్రణాళికలోనూ నాకు ఆ ఖాళీ స్థలమే కనిపిస్తుంది. మన బడి కాగితం మీద 'పై అంతస్తు, తొమ్మిదో తరగతి గది, తూర్పు మెట్ల మీదుగా' అని ఉండాలి.

ఇక పిల్లల పనులు. బాగా చదివే పిల్లలకే అన్నీ కట్టబెట్టకుండా ప్రతి తరగతి నుంచీ తీసుకోవాలి. ప్రతి పనికీ ఇద్దరు ఉండాలి, ఆ రోజు ఒకరు రాకపోవచ్చు. కబురు జట్టు జులై, ఆగస్టు నెలల్లో రోజూ ప్రార్థన వేళ భద్రాచలం, ధవళేశ్వరం నీటిమట్టాలు చదివి నోటీసు బోర్డు మీద గ్రాఫు గీస్తుంది. గీత పైకి వెళ్తోందో కిందికి దిగుతోందో చూడటం అలవాటైన పిల్లలు ఇంట్లో కూడా ఆ సంగతి చెబుతారు. గంట కొట్టేదీ ఈ జట్టే. విరామం గంటను పోలని వరుస ఒకటి పెట్టుకోవాలి, మూడు దెబ్బలు, ఆగి మళ్లీ మూడు. కరెంటు పోతుంది కాబట్టి చేతిగంటే వాడాలి.

తోడు జట్టులో తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఒక్కొక్కరూ ఆరో తరగతి పిల్లలిద్దరికి జత. మెట్లు ఎక్కలేని పిల్లలుంటే వాళ్లకు తోడుగా పిల్లల్ని కాదు, ఉపాధ్యాయుణ్ని పెట్టాలి. సామాను జట్టు హాజరు పట్టీలు, మందుల పెట్టె, టార్చిలైట్లు, మూత ఉన్న తాగునీటి డబ్బాలు పైకి చేరుస్తుంది. పిల్లలు ఏ జట్టులో ఉన్నా చేయకూడని పనులు మూడున్నాయి, డ్రిల్లుకు ముందు వాళ్లచేతే చెప్పించాలి: నీళ్లలోకి దిగకూడదు, ఎవరినైనా కాపాడటానికైనా సరే. కరెంటు స్విచ్చులు ముట్టుకోకూడదు. దారి లోతు చూడటానికి వెళ్లకూడదు. మెయిన్ స్విచ్ ఆపేది ఒక్క ఉపాధ్యాయుడే, అదీ నీరు ఆవరణలోకి రాకముందే.

అన్నిటికంటే కష్టమైన పని లెక్క జట్టుది. రిజిస్టరులో 140 మంది ఉంటారు, ఆ రోజు వచ్చింది 127 అనుకుందాం. పైకి చేరాక లెక్కిస్తే 127 రావాలి. అయితే అంకె సరిపోయినంత మాత్రాన మనుషులు సరిపోయినట్టు కాదు. అన్నను వెతుక్కుంటూ పక్కనున్న ప్రాథమిక పాఠశాల నుంచి ఒక చిన్నపిల్ల వచ్చి నిలబడితే, మరుగుదొడ్డిలో ఉండిపోయిన పిల్లవాడి లోటు ఆమెతో పూడిపోతుంది. అందుకని పేరు పిలిచి, ముఖం చూసి టిక్కు పెట్టాలి. డ్రిల్లు రోజున ఒక పిల్లవాణ్ని అతని ఇష్టంతో, ఒక ఉపాధ్యాయురాలి కంటి ముందే, వంటగదిలో కూర్చోబెట్టండి. ఈ సంగతి ఇంకెవరికీ చెప్పొద్దు. ఎవరు లేరో పేరుతో సహా చెప్పడానికి ఎన్ని నిమిషాలు పట్టిందన్నదే ఆ డ్రిల్లుకు అసలు మార్కు. ఐదు నిమిషాలు దాటితే పద్ధతి మార్చాలి.

లెక్క జట్టు చేతి కాగితం పొడవుగా ఉండకూడదు. తరగతికి ఒకటి, ఇంతే:

□ ఉదయం హాజరు ఎంత? మధ్యలో ఇంటికి వెళ్లిందెవరు?
□ పేరు పిలిస్తే పలకనిదెవరు? చివరిసారి ఎక్కడ కనిపించారు?
□ కాజ్‌వే అవతలి పిల్లలు ఎవరెవరు?
□ రోజూ మందు వేసుకోవాల్సిన పిల్లలు ఎవరు? మందు దగ్గరుందా?
□ ఎవరిని ఎవరికి, ఎన్ని గంటలకు అప్పగించాం? సంతకం.

చివరి గడి దగ్గరే ఎక్కువ బళ్లు తడబడతాయి. వరద మాట వినగానే తల్లిదండ్రులు, మేనమామలు, పక్కింటివాళ్లు గేటు దగ్గరికి వస్తారు. 'మా చెల్లెలి కూతుర్ని కూడా నేనే తీసుకుపోతానండీ' అంటారు. అది మంచితనంతో అన్న మాటే. కానీ అరగంట తర్వాత తల్లి వచ్చి అడిగితే బడి దగ్గర జవాబుండదు. ఆమె వెతుక్కుంటూ నీటి వైపు పరుగెత్తుతుంది. ప్రతి పిల్ల విషయంలోనూ అప్పగించదగ్గ ఇద్దరు పెద్దల పేర్లు జూన్‌లోనే రాయించుకోవాలి. వాళ్లకు తప్ప ఇంకెవరికీ పంపకూడదు. కూలిపనులకు వెళ్లే ఇళ్లలో ఫోను ఒక్కటే ఉంటుంది, అదీ తండ్రి దగ్గర. కాబట్టి రెండో పేరు పగలు ఊళ్లోనే ఉండేవాళ్లది కావాలి. డ్రిల్లు రోజు కనీసం పదిమంది తల్లిదండ్రుల్ని పిలిచి ఇది నిజంగా చేయించి చూడాలి. వాళ్లలో ఒకరిని, జాబితాలో లేని పిల్లను అడగమని ముందే చెప్పి పెట్టండి. గేటు దగ్గరి ఉపాధ్యాయుడు మొహమాటపడతాడో లేదో తెలుస్తుంది.

భయపెట్టి నేర్పించొద్దు. కేకలు, రక్తం రంగులు, మునిగిపోతున్నట్టు నటనలు అక్కర్లేదు. 2022లో ఇల్లు మునగడం చూసిన పిల్లలు ఆ గదిలోనే ఉండొచ్చు. ఎవరైనా వద్దంటే గడియారం పట్టుకుని సమయాలు రాసే పని ఇవ్వండి. అదీ అవసరమైన పనే.

డ్రిల్లు ముగిశాక చర్చ అదే రోజు పెడితే చప్పట్లతో ముగుస్తుంది. మర్నాడు ఒక పీరియడ్ మొత్తం కేటాయించాలి. ముందు ఆరో తరగతి పిల్లలు మాట్లాడాలి, తర్వాత పెద్ద తరగతులు, ఉపాధ్యాయులు, అందరికంటే చివర ప్రధానోపాధ్యాయుడు. ఆయన ముందే 'బాగా జరిగింది' అనేస్తే ఇక ఎవరూ నోరు విప్పరు. 'ఎలా ఉంది?' అని అడిగితే 'బాగుంది సార్' అనే వస్తుంది. గంట వినపడినప్పుడు నువ్వు ఎక్కడున్నావు, మొదట ఎవరి వైపు చూశావు, మెట్ల దగ్గర ఎంతసేపు ఆగావు, నీ తోడు అక్క నీకు కనిపించిందా అని అడగాలి. వెనక వరండాలో గంట వినపడలేదని, పై గది తాళం ఎవరి దగ్గరుందో తెలియలేదని, కాజ్‌వే అవతలి చెల్లెలు ఏమైందోనన్న బెంగతో ఒకడు వరుస వదిలి వెళ్లాడని అప్పుడు బయటపడతాయి.

ఆ చివరి విషయాన్ని క్రమశిక్షణ లోపంగా చూస్తే పొరపాటే. అన్నాచెల్లెళ్లు ఒకరినొకరు వెతుక్కోవడం ఆగదు. ప్రణాళికే దానికి చోటివ్వాలి. ప్రాథమిక పాఠశాలలోని 42 మంది చిన్నపిల్లల్ని కూడా అదే పై అంతస్తుకు చేర్చి, ఒకే ఇంటి పిల్లల పేర్లు ఒకే కాగితం మీద ఉండేలా జాబితా మార్చాలి.

చర్చలో తేలిన ప్రతి లోపం ఎదుట ఒక మనిషి పేరు, ఒక తేదీ రాయాలి. తాళం రెండో చెవి వంటమనిషి దగ్గర ఉంచడానికి శుక్రవారం, చేతిగంట కొనడానికి సోమవారం, ఇలా. ఆ కాగితం నకళ్లు సచివాలయానికి, ఏఎన్ఎంకి, కాజ్‌వే దగ్గర నీరు చూసే మనిషికి ఇవ్వాలి. పెద్ద వరదలో బడులే పునరావాస కేంద్రాలవుతాయి కాబట్టి, పిల్లలు పైన ఉండగా ఊరివాళ్లు వస్తే ఏ గదులు వాళ్లకో ఆ కాగితం మీదే తేల్చుకోవాలి. రెండు వారాల లోపు డ్రిల్లు మొత్తం కాకుండా తప్పిన భాగం మాత్రం మళ్లీ చేయాలి. ఈసారి ప్రధానోపాధ్యాయుడు నిజంగానే ఊళ్లో లేని రోజున, వాన పడుతున్నప్పుడు, మధ్యాహ్న భోజనం పళ్లేలు పిల్లల చేతుల్లో ఉండగా.