రేపు రిమాండుకు తీసుకెళ్తే...

అక్కా,

అరెస్టు చేసిన 24 గంటల్లోపు మీవాణ్ణి మెజిస్ట్రేటు ముందుకు తేవాలి. దారిలో పట్టే సమయం అందులో కలపరు. రేపు ఆదివారమైనా సరే, మెజిస్ట్రేటు గారింటికైనా తీసుకెళ్తారు.

వాడు ఫోను దొంగిలించాడా లేదా అన్నది రేపు తేల్చరు. సాక్షులుండరు, నిమిషాల్లో అయిపోవచ్చు. "పోలీసులు కొట్టారా? ఎందుకు పట్టుకున్నారో చెప్పారా? లాయరున్నారా?" అని అడుగుతారు. దెబ్బలుంటే అప్పుడే చెప్పమనండి. భయపడి "లేదండీ" అంటే అదే రికార్డులోకి ఎక్కుతుంది. లాయరు లేకపోతే లీగల్ ఎయిడ్ లాయరును ఉచితంగా ఇస్తారు.

మామూలు దొంగతనానికి శిక్ష మూడేళ్లు మించదు. ఇలాంటి చిన్న కేసుల్లో నోటీసుతో సరిపెట్టకుండా అరెస్టు ఎందుకు చేశారో పోలీసులు కాగితం మీద చూపాలని అర్నేష్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. మన లాయరు గట్టిగా పట్టుకునేది దాన్నే. కారణాలు పొడిపొడిగా ఉంటే రిమాండు తిరస్కరించవచ్చు. నిజం చెప్పాలంటే, చాలాసార్లు ఇస్తారు. అప్పుడు జైలుకు పంపుతారు, ఒక్కో దఫాకు 15 రోజులు మించకుండా.

బెయిలు పిటిషను వేరే వేయాలి. జామీను ఉండేవాళ్ల ఆధార్, ఆస్తి కాగితాలు ఈ రాత్రే వెతికి పెట్టండి. "మేం విడిపిస్తాం" అంటూ కోర్టు గేటు దగ్గర చేరేవాళ్లకు మాత్రం పైసా ఇవ్వకండి.