పట్టికలో గరిష్ఠ దీర్ఘచతురస్రం

గళ్ళలో సంఖ్యలను నింపిన పట్టికను గణితశాస్త్రంలో మాత్రిక అంటారు. అందులో ఏ దీర్ఘచతురస్రంలోని సంఖ్యలను కూడితే మొత్తం గరిష్ఠమవుతుంది? సంఖ్యలన్నీ ధనాత్మకాలైతే పట్టిక అంతా కలిపి తీసుకోవడమే సమాధానం. ఋణసంఖ్యలు చేరినప్పుడే చిక్కు మొదలవుతుంది. కొంత నష్టాన్ని భరించి ముందుకు విస్తరించాలా, దానికి ముందే ఆగిపోవాలా అన్నది తేల్చుకోవలసి వస్తుంది.

బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఉల్ఫ్ గ్రెనాండర్‌కు డిజిటల్ చిత్రాలలో ఆకృతులను గుర్తించే కృషిలో ఈ సమస్య ఎదురైంది. పట్టికపై లెక్క మిక్కిలి కాలం తీసుకోవడంతో, సమస్య స్వభావం గ్రహించడానికి ఆయన దానిని ఒకే వరుసకు కుదించాడు. 1977లో ఆ వరుస సమస్యను మైకేల్ షామోస్‌కు వివరించాడు. షామోస్ ద్వారా దానిని విన్న గణాంకశాస్త్రవేత్త జే కడానే, వరుసను ఒక్కసారి చదివితే చాలునన్న పద్ధతిని నిమిషంలో రూపొందించాడని జాన్ బెంట్లీ రాశాడు.

కడానే పద్ధతి సరళమైనది. వరుసలో ఎడమనుండి కుడికి నడుస్తూ, ప్రతి సంఖ్యవద్ద ఒక నిర్ణయం తీసుకోవాలి. అంతవరకు వచ్చిన మొత్తానికి ఈ సంఖ్యను కలిపితే ఎక్కువా, ఈ సంఖ్యతోనే కొత్తగా ప్రారంభిస్తే ఎక్కువా? ఏది ఎక్కువైతే అది నడుస్తున్న మొత్తమవుతుంది. దారిలో కనిపించిన అతిపెద్ద మొత్తాన్ని వేరుగా గుర్తుంచుకోవాలి.

పట్టికను వరుసగా మార్చగలిగితే ఈ పద్ధతి అక్కడా పనిచేస్తుంది. దీర్ఘచతురస్రం పై అంచు ఒక అడ్డువరుస వద్ద, కింది అంచు మరొక అడ్డువరుస వద్ద ఉన్నాయని ముందుగా నిశ్చయించుకోవాలి. ఆ రెండింటి నడుమ ప్రతి నిలువువరుసలోని సంఖ్యలను కూడి ఒకే సంఖ్యగా రాయాలి. అప్పుడు పట్టిక ఒక వరుసగా కుదించుకుపోతుంది. ఆ అంచుల మధ్యనున్న ఏ దీర్ఘచతురస్రం మొత్తమైనా కుదించిన వరుసలోని ఒక వరుస భాగం మొత్తమే కనుక, ఏ అవకాశమూ జారిపోదు.

ఈ కింది పట్టికను పరిశీలిద్దాం.

```
 1  -4   2  -1
-3   5   4  -6
 2  -1   3  -2
```

పై, కింది అంచులను ఎంచుకోవడానికి ఇక్కడ ఆరు విధాలున్నాయి. మొదటి వరుస ఒక్కటే తీసుకుంటే గరిష్ఠం 2. మొదటి రెండు వరుసలను కుదిస్తే -2, 1, 6, -7 వస్తాయి, గరిష్ఠం 7. మూడింటినీ కుదిస్తే 0, 0, 9, -9, గరిష్ఠం 9. రెండవ వరుస ఒక్కటే తీసుకున్నా 9, మూడవది ఒక్కటే తీసుకుంటే 4. రెండవ, మూడవ వరుసలను కుదిస్తే -1, 4, 7, -8 వస్తాయి. ఇందులో -1తో నడక మొదలవుతుంది. దానికి 4 కలిపితే 3 మాత్రమే కనుక 4తో కొత్తగా ప్రారంభించాలి. 7 కలిపితే 11, తరువాత -8 కలిపితే 3. గుర్తుంచుకున్న గరిష్ఠం 11. అదే సమాధానం. అది 5, 4, -1, 3 ఉన్న దీర్ఘచతురస్రం. మూడవ వరుసలోని 3 కోసం -1 నష్టాన్ని భరించడం లాభించింది.

పై అంచును కదలనీయక, కింది అంచును ఒక్కొక్క వరుస దించినప్పుడు, పాత మొత్తాలకు కొత్త వరుసను కలిపితే చాలు. పై అంచు మారినప్పుడు మాత్రం మొత్తాలను సున్నా చేసి మళ్ళీ ప్రారంభించాలి. ఇది మరచితే 0, 0, 9, -9 మీదనే రెండవ వరుస చేరి -3, 5, 13, -15 అవుతుంది. గరిష్ఠం 18గా కనిపిస్తుంది. కాని అది సూచించే గళ్ళు 5, 4 మాత్రమే. వాటి మొత్తం 9. వచ్చిన దీర్ఘచతురస్రంలోని గళ్ళను నేరుగా కూడి చూస్తే ఈ దోషం బయటపడుతుంది. మరొక జాగ్రత్త కూడా అవసరం. గరిష్ఠాన్ని సున్నాతో ప్రారంభిస్తే, సంఖ్యలన్నీ ఋణాత్మకాలైన పట్టికలో ఏ గడికీ చెందని సున్నా సమాధానంగా వస్తుంది. పట్టికలోని మొదటి సంఖ్యతో ప్రారంభించడమే సరియైనది.

నూరు వరుసలు, నూరు నిలువువరుసలు ఉన్న పట్టికలో దీర్ఘచతురస్రాలు 2,55,02,500. కుదింపు పద్ధతిలో అంచుల జతలు 5,050 మాత్రమే. ఒక్కొక్క దానికి నూరు అడుగుల నడక చొప్పున 5,05,000 అడుగులు. పట్టిక పొడవు, వెడల్పులు రెట్టింపైతే మాత్రం శ్రమ దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అందువల్ల అడ్డువరుసలు వేయి, నిలువువరుసలు పది ఉన్నచోట అంచులను నిలువువరుసలలో ఎంచుకోవడం మేలు. అప్పుడు అడుగులు 50,05,000 కాక 55,000 మాత్రమే అవుతాయి. ఇంత తగ్గించినా పెద్ద చిత్రాలకు ఆ శ్రమ భారమే. తెలిసిన పద్ధతులన్నీ ఖరీదైనవి కావడంతో గ్రెనాండర్ ఆ మార్గాన్నే విడిచిపెట్టాడు. ఆయన కుదించుకున్న చిన్న వరుస సమస్య మాత్రం నిలిచింది.