కల్లు పులుపు లెక్క లొట్టిలోనే మొదలు

ఖమ్మం దాటి భద్రాచలం వైపు వెళ్తే, అడవి అంచు పల్లెల్లో తాటి చెట్లకు, జీలుగు చెట్లకు లొట్లు కట్టి కనిపిస్తాయి. గెల కోత నుంచి చుక్కచుక్కగా కారే రసం తియ్యగా ఉంటుంది. పాత కల్లు మడ్డి మిగిలిన లొట్టిలో పడితే కిందికి దించేసరికే నురగ కడుతుంది. కడిగి, లోపల సున్నం పూసిన లొట్టిలో పడితే చాలావరకు తియ్యగానే దిగుతుంది. దాన్నే నీరా అంటాం.

ఈ తేడా సూక్ష్మజీవుల వల్లే. బ్యాక్టీరియా కొత్త చోటికి చేరగానే రెండింతలు కావడం మొదలుపెట్టవు. అక్కడి చక్కెరకు, వేడికి, ఆమ్లానికి తగిన ఎంజైములు ముందు తయారు చేసుకోవాలి. సంఖ్య పెరగని ఈ కాలమే ల్యాగ్ దశ. తరువాత రెట్టింపులు సాగే ఘాతీయ దశ, ఆహారం తగ్గి ఆమ్లం పేరుకున్నాక నిలకడ దశ, చివరికి మరణ దశ వస్తాయి. ఈస్టుదీ ఇదే దారి.

మడ్డిలోని సూక్ష్మజీవులకు ఈ రసం కొత్త కాదు. ఎంజైములు సిద్ధంగా ఉన్నవి ఎక్కువ కాబట్టి వాటి ల్యాగ్ దశ చాలా చిన్నది.

ఒక ఊహా లెక్క చూద్దాం. మిల్లీలీటరుకు 1,000 కణాలు అరగంటకోసారి రెట్టింపైతే, కోటికి చేరడానికి సుమారు 6 గంటల 40 నిమిషాలు పడుతుంది. లొట్టి కడిగి కణాలను 100కు తగ్గిస్తే కలిసొచ్చేది గంటా 40 నిమిషాలే. ల్యాగ్ దశను 3 గంటలు పొడిగిస్తే ఆ 3 గంటలూ కలిసొస్తాయి. సున్నం చేసే పని ఇదే. రసాన్ని క్షారంగా మార్చి కొన్ని కణాలను చంపుతుంది, మిగిలినవాటిని ఆపి ఉంచుతుంది. అయితే రసం నిండేకొద్దీ సున్నం ప్రభావం పలచబడుతుంది. గెల మీది నుంచి, పురుగుల వల్ల కొత్త కణాలూ చేరుతుంటాయి. అందుకే నీరాను దించిన వెంటనే ఐసు పెట్టెలోకి చేర్చాలి.

ఆ చలి ఎప్పుడు తగిలిందన్నదే అసలు విషయం. ల్యాగ్ దశలో తగిలితే ఆ దశే సాగుతుంది. ఘాతీయ దశ మొదలయ్యాక తగిలితే రెట్టింపులు నెమ్మదిస్తాయి, అంతే. పుట్టిన ఆమ్లం వెనక్కి పోదు. నురగ, పుల్లని వాసన తెలిసేసరికి కణాలు కోట్లలో ఉంటాయి కాబట్టి, అప్పుడు ఫ్రిజ్‌లో పెట్టి లాభం లేదు.

వంటింట్లో నిన్నటి పాలగిన్నెలో కొత్త పాలు పోసినా జరిగేది పాత లొట్టి కథే. పాత పాలు కొంచెమే అయినా, అందులోని కణాలు అప్పటికే పాలకు అలవాటుపడి ఉంటాయి. పాలు వేరే గిన్నెలో కాచి, చల్లారగానే ఆలస్యం చేయకుండా ఫ్రిజ్‌లో పెట్టాలి.