క్లాసు టీవీలో, మైకు ఫోన్‌లో

ఏడో తరగతి పాప ఫోన్‌లో లెక్కల పాఠం చూస్తుంటే భిన్నాల్లోని అంకెలు చీమల్లా కనిపిస్తాయి. అదే పాఠాన్ని 32 అంగుళాల టీవీ మీదికి ఎక్కించవచ్చు. అయితే రికార్డు చేసిన పాఠానికి ఒక పద్ధతి, ప్రత్యక్ష క్లాసుకు మరో పద్ధతి ఉన్నాయి. ఈ రెంటినీ కలగాపులగం చేయడం వల్లే చాలా ఇళ్లలో చిక్కులు వస్తాయి.

యూట్యూబ్ పాఠమైతే ఫోన్‌నూ స్మార్ట్ టీవీనీ ఒకే వైఫైకి కలిపి, వీడియో పైనున్న కాస్ట్ గుర్తు నొక్కితే చాలు. మూలన వైఫై గీతలున్న చిన్న పెట్టె బొమ్మే ఆ గుర్తు. అది కనిపించకపోతే ఫోన్ మొబైల్ డేటా మీద ఉందేమో ముందు చూడండి. ఇక్కడ ఫోన్ చేసే పని ఏ వీడియో కావాలో టీవీకి చెప్పడమే. వీడియోను టీవీయే నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కాబట్టి ఫోన్ తెర ఆర్పేసినా పాఠం ఆగదు.

జూమ్, గూగుల్ మీట్ క్లాసులకు సాధారణంగా ఫోన్ తెరనే యథాతథంగా టీవీలో చూపించాలి. దీన్నే మిర్రరింగ్ అంటారు. శామ్‌సంగ్ ఫోన్లలో ఇది ‘స్మార్ట్ వ్యూ’ పేరుతో ఉంటుంది. ఇందులో ఫోన్ తెర వెలుగుతూనే ఉండాలి. వచ్చిన మెసేజీలు కూడా టీవీ మీద పడతాయి కనుక ముందే ‘డూ నాట్ డిస్టర్బ్’ పెట్టేయండి. బొమ్మ సన్నగా నిలువుగా వస్తే ఫోన్‌ను అడ్డంగా తిప్పాలి.

అసలు తంటా మాటతోనే. టీచరు గొంతు టీవీలోంచి వచ్చినా, పాప మాట వినే మైకు మాత్రం ఫోన్‌లోనే ఉంటుంది. టీవీ శబ్దం ఆ మైకులో పడితే టీచరుకు తన మాటలే మళ్లీ వినిపిస్తాయి. అందుకే మైకు మ్యూట్‌లో ఉంచి, జవాబు చెప్పేటప్పుడు మాత్రం టీవీ శబ్దం తగ్గించి మైకు తెరవాలి. ఫోన్‌ను టీవీ కిందే నిలబెడితే పాప చూపు కెమెరా వైపే ఉంటుంది.

తెర పెద్దదైనంత మాత్రాన చూసే సమయం పెంచకూడదు. కేంద్ర విద్యాశాఖ 2020లో ఇచ్చిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు రోజుకు రెండు ఆన్‌లైన్ క్లాసులు మించవద్దన్నాయి. ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలు. ఆ కొలతతో మన పాపకు పొద్దున 40 నిమిషాల ప్రత్యక్ష క్లాసు, సాయంత్రం అరగంట రికార్డు పాఠం సరిపోతాయి. సాయంత్రం పాఠంలో ప్రతి లెక్కనూ జవాబు రాకముందే ఆపి, నోటుబుక్‌లో చేయించండి. కళ్లకూ కాస్త విరామం దొరుకుతుంది.

ఐదారు అడుగుల దూరంలో కూర్చోబెట్టండి. అక్కడి నుంచి అంకెల కోసం కళ్లు చికిలిస్తున్నా, మాటిమాటికీ ముందుకు జరుగుతున్నా కంటి పరీక్ష చేయించాలి. పాఠం అయ్యాక దానంతటదే మరో వీడియో మొదలవకుండా యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేసి ఉంచండి.